జవాబు మెయిల్లో ఒక్కో లైను ఒక్కో సైజులో ఎందుకు వస్తుంది? ప్లెయిన్ టెక్స్ట్, రిచ్ టెక్స్ట్ ఎప్పుడు ఏది వాడాలి?

పర్లాకిమిడిలో మెయిళ్లు టైపు చేయించుకోవడానికి మా డీటీపీ షాపుకు వచ్చేవాళ్లలో సగం మంది వ్యాపారస్తులు. వాళ్ల సరుకు, ఉత్తరాలు రెండూ ఒడిశా నుంచి పలాస, టెక్కలి వైపు వెళ్తుంటాయి. ఆఫీసులకు రాసేవి ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. అటువైపు పార్టీలకు తెలుగే. ఈ మధ్య వాళ్లలో చాలామంది ఒకటే అడుగుతున్నారు: "నేను నీటుగానే రాశాను, అవతలివాళ్లకు అక్షరాలు చిన్నా పెద్దా ఎందుకు వెళ్తున్నాయి?"

అందుకే మొత్తం పద్ధతి వరసగా రాస్తున్నాను. ఎక్కువగా కంప్యూటర్లో జీమెయిల్ గురించే చెప్తాను, మా దగ్గర వాడకం దానిదే. అవుట్‌లుక్, ఫోన్ సంగతి చివర్లో ఉంది.

## 1. ముందు రోగం ఏమిటో చూడండి

ఒక జీడిపప్పు వ్యాపారి పలాస పార్టీకి పంపిన జవాబునే తీసుకుందాం. అందులో మూడు ముక్కలున్నాయి. "నమస్తే అండి, మీ మెయిల్ అందింది" అన్నది ఆయన అక్కడే టైపు చేశాడు. సరుకు వివరాలు వర్డ్ ఫైలు నుంచి కాపీ చేసి పెట్టాడు. "లారీ రేపు సాయంత్రం బయల్దేరుద్ది" అన్న లైను వాట్సాప్ వెబ్ నుంచి తెచ్చి అతికించాడు.

ఆయన స్క్రీన్ మీద వర్డ్ ముక్క కాస్త పెద్దగా కనిపించింది, పెద్ద తేడా కాదులే అని పంపేశాడు. అవతల పెద్దాయన మెయిల్ అవుట్‌లుక్‌లో తెరిచి ఫోన్ చేశాడు: "ఏటి బాబూ, ఇది ముగ్గురు కూర్చుని రాసారా ఏటి?" ఆయన దగ్గర తంతు తిరగబడింది. టైపు చేసిన ముక్క పెద్దగా, వర్డ్ ముక్క చిన్నగా కనిపించింది.

దీని గుట్టు మెయిల్ లోపలి రాతలో ఉంది. తెలుగు మాటలు తీసేసి చూపిస్తే సుమారుగా ఇలా ఉంటుంది:

```
<div dir="ltr">...</div>
<p style="font-size:11pt;font-family:Calibri">...</p>
<span style="font-size:14.2px;color:white">...</span>
```

మొదటి లైను చూడండి. అందులో ఫాంటు పేరు లేదు, సైజు లేదు. జీమెయిల్లో ఏ సెట్టింగూ మార్చకుండా టైపు చేస్తే అక్షరాలు ఇలా ఏ గుర్తూ లేకుండా వెళ్తాయి. జీమెయిల్ తన స్క్రీన్ మీద వాటిని 13 పిక్సెళ్లలో చూపిస్తుంది. అవుట్‌లుక్‌కు ఏ సైజో ఎవరూ చెప్పలేదు కాబట్టి తన సొంత అలవాటు ప్రకారం టైమ్స్ న్యూ రోమన్ 12 పాయింట్లలో, అంటే 16 పిక్సెళ్లలో చూపిస్తుంది.

రెండో లైను వర్డ్ నుంచి తన సైజును వెంట తెచ్చుకుంది. 11 పాయింట్లంటే దాదాపు 14.7 పిక్సెళ్లు. ఇది ఎక్కడికి వెళ్లినా మారదు. అందుకే 13 పక్కన పెద్దగా, 16 పక్కన చిన్నగా కనిపించింది. పంపినాయన స్క్రీన్, అందుకున్నాయన స్క్రీన్ రెండూ నిజమే చెప్తున్నాయి.

మూడో లైను అన్నిటికన్నా ప్రమాదం. ఆయన వాట్సాప్ వెబ్ డార్క్ మోడ్‌లో ఉంది. తెల్ల అక్షరాల రంగు కూడా కాపీతోపాటు వచ్చేసింది. అవతల తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలు. లారీ సంగతి ఆ పెద్దాయనకు కనిపించనే లేదు.

మీ మెయిల్లో ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే రాసే పెట్టెలో అనుమానం ఉన్న లైను మీద రైట్ క్లిక్ చేసి `Inspect` నొక్కండి. పక్కన తెరుచుకునే కిటికీలో `font-size`, `color`, `background` అన్న మాటలు ఆ లైను దగ్గర ఉన్నాయేమో చూడండి. ఉంటే అది బయటి నుంచి వచ్చిందే. జీమెయిల్ `Show original` లోనూ చూడొచ్చు కానీ తెలుగు మెయిలైతే అక్కడ అక్షరాలకు బదులు `4LC`, `4LG` లాంటి ముక్కలు మళ్లీమళ్లీ వచ్చే పొడవాటి చుట్ట కనిపించవచ్చు. మెయిల్ పాడైపోయిందని టెన్షన్ పడకండి. తెలుగు అక్షరాలు ప్రయాణం కోసం కట్టుకున్న మూట అది, అవతల మామూలుగానే విప్పుకుంటుంది.

## 2. టైపు మొదలుపెట్టకముందే మోడ్ తేల్చుకోండి

ప్లెయిన్ టెక్స్ట్ అంటే అక్షరాలు మాత్రమే వెళ్తాయి. ఫాంటు, సైజు, రంగు, బోల్డ్ ఏవీ వెళ్లవు. చదివేవాళ్ల మెయిల్ ప్రోగ్రాం తనకు ఇష్టమైన సైజులో చూపిస్తుంది, మొత్తం ఒకే సైజులో చూపిస్తుంది. రిచ్ టెక్స్ట్ అని మనం వాడుకలో అనేది అసలు హెచ్‌టీఎంఎల్. దాంట్లో అన్నీ వెళ్తాయి, మీరు పెట్టని తెల్ల రంగుతో సహా.

ఈ నిర్ణయం ముందే ఎందుకంటే, సగం రాశాక రిచ్ నుంచి ప్లెయిన్‌కు మారితే టేబుల్ విరిగిపోతుంది, బోల్డ్ పోతుంది. మళ్లీ వెనక్కి టిక్ తీసినా పోయినవి తిరిగి రావు.

నా లెక్క ఇది. జవాబులో మాటలూ అంకెలే ఉంటే ప్లెయిన్. మాటల మధ్యలో ఫొటో చూపించాలన్నా, నాలుగైదు నిలువు వరసల టేబుల్ పెట్టాలన్నా, అవతలివాళ్లు పంపిన పట్టికలోనే గళ్లు నింపి పంపమన్నా రిచ్. విడిగా జోడించే పీడీఎఫ్, ఫొటో, ఎక్సెల్ ఫైళ్లకు ఏ మోడ్ అయినా ఒకటే. అటాచ్‌మెంట్ ఉంది కాబట్టి రిచ్ కావాలని చాలామంది అనుకుంటారు, అవసరం లేదు.

పది జవాబుల్లో ఎనిమిదింటికి ప్లెయిన్ చాలు. ఈ మాట మా షాపులో చెప్తే "మరి కంపెనీ పేరు ఎర్రగా రాదా?" అంటారు. రాదు. రేటు సరిగ్గా కనిపించడం ముఖ్యమా, పేరు ఎర్రగా ఉండడమా అన్నది మీ ఇష్టం.

## 3. ప్లెయిన్ టెక్స్ట్‌లో జవాబు రాసే వరస

1. మెయిల్ తెరిచి `Reply` నొక్కండి. ఇంకా ఏమీ టైపు చేయకండి.
2. రాసే పెట్టె కింద ఉన్న మూడు చుక్కలు నొక్కి `Plain text mode` కి టిక్ పెట్టండి.
3. ఫాంటు, రంగు బటన్ల వరస మాయమైందో లేదో చూడండి. అది పోయిందంటే మోడ్ మారినట్టే.
4. ఇప్పుడు టైపు చేయండి, కాపీ చేసినవి అతికించండి. ఎక్కడి నుంచి తెచ్చినా అక్షరాలు మాత్రమే వస్తాయి.

ఈ టిక్ జీమెయిల్ గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత రాసే మెయిళ్లూ ప్లెయిన్‌లోనే తెరుచుకుంటాయి. నెట్ సెంటర్లో వేరేవాళ్ల కంప్యూటర్ మీద మీ మెయిల్ రాస్తున్నప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి. "నిన్నటి దాకా బోల్డ్ వచ్చేది, ఇవాళ బటనే లేదు" అని వచ్చేవాళ్లది సాధారణంగా ఇదే సంగతి.

ప్లెయిన్‌లో పట్టిక రాయడం దగ్గర అందరూ దెబ్బతింటారు. స్పేసులు కొట్టి నిలువు వరసలు కలిపితే మీ స్క్రీన్ మీద కుదిరినట్టే ఉంటుంది, అవతల చెదిరిపోతుంది. ఇంగ్లీషుకైతే అన్ని అక్షరాలకూ ఒకే వెడల్పు ఉండే ఫాంటుతో కొంత కుదురుతుంది. తెలుగులో 'గుండు', 'బద్ద' అన్న రెండు మాటలే ఒకే వెడల్పు రావు. స్పేసులతో కుస్తీ మానేసి, సరుకుకు ఒక లైను చొప్పున రాయండి:

```
W240 గుండు: 10 టిన్నులు
W320 గుండు: 20 టిన్నులు
బద్ద: 5 టిన్నులు
```

ఇది ఫోన్లో చదివినా, ప్రింటు తీసినా చెదరదు. ఇంకొకటి, ఒక్కో లైను పొట్టిగా ఉంచండి. ప్లెయిన్ మెయిల్లో పొడవైన లైనును పంపేటప్పుడు 70, 80 అక్షరాల దగ్గర విరగ్గొట్టే అలవాటుంది. చిన్న ఫోన్లో అది ఒక లైను నిండుగా, తర్వాతి లైను రెండు మాటలతో ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది.

## 4. రిచ్‌లోనే పంపాలంటే

ఇక్కడ వరస చాలా ముఖ్యం. ముందు మాటలన్నీ పెట్టాలి, తర్వాత శుభ్రం చేయాలి, అన్నిటికన్నా చివర బోల్డ్, రంగు పెట్టాలి. మధ్యలో అలంకరణ మొదలుపెడితే శుభ్రం చేసినప్పుడు అదీ పోతుంది.

మొదటిది అతికించే పద్ధతి. `Ctrl+V` బదులు `Ctrl+Shift+V` నొక్కండి. దీంతో వట్టి అక్షరాలు వస్తాయి, సైజూ రంగూ రావు. ఈ ఒక్క అలవాటుతో మా దగ్గరకొచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం మొదట్లోనే ఆగిపోతుంది.

అప్పటికే మామూలుగా అతికించేశారనుకోండి. ఆ లైన్లను మౌసుతో ఎంచుకుని `Ctrl+\` నొక్కండి. బటన్ల వరసలో అడ్డగీత కొట్టిన T బొమ్మ చేసే పనీ అదే, దాని పేరు `Remove formatting`.

వర్డ్ నుంచి వచ్చిన పేరాలు దీనికి కొన్నిసార్లు లొంగవు. అక్షరాలకు తగిలించిన సైజు పోతుంది కానీ పేరా మొత్తానికి తగిలించిన సైజు మిగిలిపోతుంది. బటన్ నాలుగుసార్లు నొక్కినా ఫలితం ఉండదు. అప్పుడు ఆ పేరాను ఎంచుకుని `Ctrl+X` తో కోసి, ఆ చోట మిగిలిన ఖాళీ లైను కూడా బ్యాక్‌స్పేస్‌తో తీసేసి, `Ctrl+Shift+V` తో మళ్లీ అతికించండి. ఆ ఖాళీ లైను వదిలేస్తే పాత సైజు దాంట్లోనే దాక్కుని కూర్చుంటుంది, కొత్తగా అతికించిన మాటలు మళ్లీ ఆ సైజుకే వెళ్తాయి. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

రెండోది కర్సర్ ఉన్న చోటు. అవతలివాళ్ల పాత మెయిల్ కింద ఉంటుంది కదా, వాళ్ల ప్రశ్న పక్కనే జవాబు రాద్దామని అందులోకి దిగి టైపు చేస్తే, వాళ్ల ఫాంటు, వాళ్ల సైజు, వాళ్ల రంగు మీ మాటలకు అంటుకుంటాయి. వాళ్లు నీలంలో రాస్తే మీదీ నీలమే, ఏది ఎవరిదో తెలీదు. పైన ఖాళీలోనే రాయండి. ప్రశ్నలు ఎక్కువైతే 1, 2, 3 అని అంకెలు వేసి వాటి కింద జవాబులు ఇవ్వండి.

మూడోది సంతకం. మెయిల్ అంతా బాగుండి చివర షాపు పేరు, అడ్రసు మాత్రమే వేరే సైజులో ఉంటే, మీరు సంతకాన్ని ఎప్పుడో వర్డ్ నుంచి తెచ్చి సెట్టింగుల్లో పెట్టారన్నమాట. `Settings`, `See all settings`, `General` లోకి వెళ్లి `Signature` దగ్గర దాన్ని తీసేసి, అక్కడే చేత్తో టైపు చేయండి.

అదే పేజీలో `Default text style` ఉంది. అక్కడ ఒక ఫాంటు ఎంచుకుని, కింద `Save Changes` నొక్కితే, ఇకపై మీరు టైపు చేసే లైన్లు ఆ ఫాంటు పేరును వెంట తీసుకెళ్తాయి. అవుట్‌లుక్ వాడే పార్టీలతో మీకు రోజూ పని ఉంటే ఇది చేసుకోవడం మంచిది. `Save Changes` పేజీ అట్టడుగున ఉంటుంది, నొక్కకుండా వచ్చేసి "మార్చాను గానీ మారలేదు" అనేవాళ్లు బోలెడు.

## 5. తెలుగు, ఒడియా అక్షరాలకు ఈ లెక్క కొంచెం వేరు

జీమెయిల్ ఫాంట్ల జాబితాలో జార్జియా, వెర్డానా, టహోమా లాంటి పేర్లుంటాయి. వాటిలో దేనిలోనూ తెలుగు అక్షరాలు లేవు, ఒడియా అక్షరాలూ లేవు. మీరు వెర్డానా పెట్టినా తెలుగు మాటలకు కంప్యూటర్ తన దగ్గరున్న తెలుగు ఫాంటునే వెతుక్కుంటుంది. విండోస్‌లో అది నిర్మలా యూఐ కావచ్చు, గౌతమి కావచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లో సాధారణంగా నోటో. అందుకే ఒకే మెయిల్ మీ దగ్గర సన్నగా, అవతల లావుగా కనిపిస్తుంది. దీన్ని మీరు మార్చలేరు, మార్చాల్సిన పనీ లేదు. తెలుగు మెయిల్లో మీ చేతిలో ఉన్నది సైజు ఒక్కటే.

ఒక లైనులో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ ఉంటే మూడు ఫాంట్లు పక్కపక్కన నిలబడతాయి, లైన్ల మధ్య ఎడం కూడా మారుతుంది. గజపతి జిల్లాలో ఆఫీసు ఉత్తరంలోని ఒడియా పేరాను కింద పెట్టి పైన తెలుగులో వివరం రాసేవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యేదే. ఒక్కో భాషకు వేరే పేరా ఇవ్వండి. సైజు తేడా ఉన్నా అప్పుడు తప్పులా కనిపించదు.

అసలు ముప్పు పాత డీటీపీ ఫాంట్లతో. తెలుగుకు అను, ఒడియాకు ఆకృతి లాంటి వాటిలో చేసిన మేటర్లు మా షాపుల్లో ఇంకా బోలెడున్నాయి. ఆ ఫాంట్లలో మీకు కనిపించేది తెలుగే కానీ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. రిచ్ మెయిల్లో అతికిస్తే ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో మాత్రమే చదవొచ్చు. ప్లెయిన్‌లో అతికిస్తే వేషం ఊడిపోయి అర్థంలేని గుర్తుల వరస మిగులుతుంది.

అంటే ఇంతవరకూ చెప్పిన శుభ్రం చేసే పద్ధతులేవీ వీటికి పనికిరావు. శుభ్రం చేసిన కొద్దీ పాడవుతాయి. అనుమానం ఉంటే ఆ మేటర్‌ను నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. తెలుగు తెలుగుగానే ఉంటే అది యూనికోడ్, ఏ మోడ్‌లోనైనా పంపండి. గుర్తులు వస్తే రెండే దారులు: కన్వర్టర్‌తో యూనికోడ్‌కు మార్చి, ఒత్తులు ఒకసారి కళ్లతో సరిచూసుకోవడం, లేదా డీటీపీ ఫైలునే పీడీఎఫ్ చేసి జోడించడం. పెళ్లి శుభలేఖల్లాంటి వాటికి పీడీఎఫ్ మేలు. రేట్లు, అడ్రసులు అవతలివాళ్లు కాపీ చేసుకోవాలి కాబట్టి వాటికి యూనికోడే కావాలి.

## 6. అవుట్‌లుక్ వాడేవాళ్లకు

అవుట్‌లుక్ మీకు వచ్చిన మెయిల్ ఏ రకంలో ఉందో జవాబునూ అదే రకంలో తెరుస్తుంది. అవతలివాళ్లు ప్లెయిన్‌లో పంపితే మీ జవాబూ ప్లెయిన్‌లోనే ఉంటుంది, మీ లోగో, రంగులు రావు. పాత అవుట్‌లుక్‌లో జవాబును వేరే కిటికీలో తెరిచి `Format Text` ట్యాబ్‌లో `HTML` ఎంచుకుంటే మారుతుంది.

అక్కడే `Rich Text` అని మూడోది కనిపిస్తుంది. పేరు చూసి మోసపోకండి. అది అవుట్‌లుక్ తనకోసం పెట్టుకున్న సొంత పద్ధతి. దాన్ని జీమెయిల్ లాంటి వేరే చోటికి పంపితే అటువైపు `winmail.dat` అన్న ఫైలు చేరి, మీరు జోడించిన బిల్లు కనిపించకుండా పోవచ్చు. బయటివాళ్లకు రాసేటప్పుడు `HTML` లేదా `Plain Text`, ఈ రెండే.

కొత్త మెయిల్ ఒక ఫాంటులో, జవాబు ఇంకో ఫాంటులో వస్తుంటే `File`, `Options`, `Mail` లోకి వెళ్లి `Stationery and Fonts` తెరవండి. కొత్త మెయిళ్లకు ఒక గడి, జవాబులకు వేరే గడి ఉంటాయి. రెండింట్లోనూ ఒకే ఫాంటు, ఒకే సైజు, ఒకే రంగు పెట్టండి. ఒకటి మార్చి రెండోది మరిచిపోవడం మామూలే.

## 7. పంపే ముందు చూసుకోవాల్సినవి

రేటు, తారీఖు, ఖాతా నంబరు లాంటివి ఉన్న జవాబైతే ఈ నాలుగూ చూశాకే `Send` నొక్కండి.

- మోడ్ ఏదో మీకు తెలుసా? బటన్ల వరస ఉంటే రిచ్, లేకపోతే ప్లెయిన్.
- `Ctrl+A` కొట్టి చూడండి. ఎంపిక రంగులో కొత్తగా ఏవైనా మాటలు బయటపడితే అవి తెల్లరంగు అక్షరాలు.
- పాత మెయిల్ మధ్యలో మీ మాటలేమైనా ఇరుక్కున్నాయా?
- డీటీపీ ఫాంటు మేటర్ ఏదైనా అతికించారా?

కొత్త పార్టీకి మొదటిసారి రాస్తుంటే ముందు మీకే ఒక కాపీ పంపుకుని ఫోన్లో తెరిచి చూడండి. కంప్యూటర్లో కనిపించని సైజు తేడాలు ఫోన్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

## 8. ఫోన్ నుంచే జవాబిస్తే

ఆండ్రాయిడ్‌లో కాపీ చేసినది అతికించేటప్పుడు వేలు నొక్కి పట్టుకుంటే `Paste` పక్కన `Paste as plain text` వస్తుంది. అదే నొక్కండి. అది కనిపించకపోతే మీరు కాపీ చేసిన దాంట్లో అసలు ఫార్మాటింగే లేదని అర్థం, మామూలు `Paste` చాలు. అప్పటికే రంగు పడిన లైనైతే దాన్ని కోసి ఇదే పద్ధతిలో తిరిగి అతికించండి. టేబుల్ ఉన్న మెయిల్‌కు మాత్రం ఫోన్లో జవాబు రాయకండి. "అందింది, సాయంత్రం పూర్తి వివరం పంపుతాను" అని ఒక ముక్క రాసి, టేబుల్ పని కంప్యూటర్ దగ్గర పెట్టుకోండి.